పేరు రాయొద్దు, దోస్తుల పేర్లు రాయండి



బి.ఎడ్. చేస్తున్నవాళ్లూ, డిగ్రీలోనో పీజీలోనో మనస్తత్వ శాస్త్రం చదువుతున్నవాళ్లూ ప్రాజెక్టు కోసం ఎంచుకునే అంశాల్లో ఒకటి తరగతి గదిలో పిల్లల స్నేహాలు. ఎవరు ఎవరితో కలుస్తారు, ఎవరు విడిగా మిగిలిపోతారు, తోటివాళ్లకు సాయపడే గుణం ఎవరిలో కనిపిస్తుంది అని తెలుసుకోవాలనుకుంటారు. జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు వెళ్లి, ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రశ్నావళి పంచుతారు. ఆ కాగితం మీద మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "నీ పేరు రాయవద్దు." రెండో వాక్యం ఇది: "నీ తరగతిలో నీకు బాగా ఇష్టమైన ముగ్గురు స్నేహితుల పేర్లు రాయి."

ఈ రెండు వాక్యాలు ఒకే కాగితం మీద ఇమడవు. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఈ ఇబ్బంది గురించే. రాసినవాళ్లెవరో తెలియకపోతే స్నేహాల పటం గీయలేం. తెలిస్తే, పిల్లలకు మనం చెప్పిన మాట అబద్ధమవుతుంది. ఈ చిక్కును ముందే విప్పుకున్న ప్రాజెక్టు నిలబడుతుంది. విప్పుకోనిది పిల్లలకు నష్టం చేస్తుంది, శాస్త్రానికీ ఏమీ ఇవ్వదు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం. బి.ఎడ్., డి.ఎడ్. పుస్తకాలు దీన్ని సాంఘికమితి అంటాయి. దీనికి రూపం ఇచ్చినవాడు జేకబ్ మొరీనో అనే మానసిక వైద్యుడు. 1932లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ అనే ఊళ్లో ఉన్న బాలికల శిక్షణా సంస్థ నుంచి రెండు వారాల్లో 14 మంది ఆడపిల్లలు పారిపోయారు. న్యాయస్థానాలు పంపిన ఆడపిల్లలు కుటీరాల్లో ఉంటూ చదువుకునే చోటు అది. పారిపోయిన పిల్లల స్వభావంలో కారణం ఉందేమోనని అందరూ వెతుకుతుంటే, మొరీనో, ఆయన సహ పరిశోధకురాలు హెలెన్ జెన్నింగ్స్ మరోవైపు చూశారు. నీకు ఎవరితో కలిసి ఉండాలని ఉంది, ఎవరితో కలిసి పని చేయాలని ఉంది అని పిల్లలను అడిగి, ఒక్కొక్క బాలికను ఒక చుక్కగా, ఆమె ఎంపికను ఒక బాణంగా గీశారు. పారిపోవాలన్న ఆలోచన ఆ బాణాల వెంట ఒకరి నుంచి మరొకరికి పాకినట్టు ఆ పటంలో కనిపించింది. 1934లో మొరీనో ఈ పనంతా పుస్తకంగా వేశాడు. ఆ పటాన్నే ఈ రోజు మనం సోషియోగ్రామ్ అంటున్నాం.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. బాణానికి రెండు కొసలుండాలి. ఎవరి నుంచి బయలుదేరిందో, ఎవరిని చేరిందో రెండూ తెలియాలి. పేరు లేని కాగితంలో బాణం చేరిన చోటు ఉంటుంది, బయలుదేరిన చోటు ఉండదు. అలాంటి 30 కాగితాలు ముందు పెట్టుకుంటే, ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టవచ్చు, అంతవరకే. ఇద్దరు పిల్లలు ఒకరినొకరు కోరుకున్నారా, నలుగురు తమలో తామే తిరుగుతున్నారా, హాస్టల్ పిల్లలు ఊరి పిల్లలను కోరుకుంటున్నారా అన్న ప్రశ్నలకు ఆ కాగితాల్లో జవాబు ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది. పేరు రాయొద్దన్నప్పుడు రక్షణ దొరికింది రాసినవాళ్లకే. ఎవరి గురించి రాశారో ఆ పిల్లల పేర్లు కాగితం మీద స్పష్టంగానే ఉన్నాయి. ఒక్క కాగితంలోనూ పేరు రాని పిల్లవాడి సంగతి కూడా ఆ కట్ట చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది. కాబట్టి అనామక ప్రశ్నావళి అనుకున్నది సగమే అనామకం.

రాసినవాళ్లకైనా ఆ రక్షణ నిజంగా ఉందా? తరగతిలో 24 మంది ఉన్నారనుకోండి. కాగితం మీద పేరు లేదు గానీ, బాలుడా బాలికా, వయసెంత, ఏ ఊరి నుంచి వస్తావు, హాస్టలా ఇల్లా అని నాలుగు గళ్లు ఉన్నాయి. ఫలానా తండా నుంచి వచ్చే బాలిక ఆ తరగతిలో ఒక్కతే ఉంటే, ఆ గళ్లు నింపగానే ఆమె పేరు రాసినట్టే. పైగా ఆ తరగతి ఉపాధ్యాయుడు అందరి చేతిరాతా ఎరిగినవాడు. అందుకే ఒక కొండగుర్తు పెట్టుకోవాలి. అడిగిన వివరాలన్నీ కలిపి చూసినప్పుడు ఏ గుంపులోనైనా ఐదుగురి కంటే తక్కువమంది మిగిలితే, ఆ వివరం అడగకూడదు. కాగితాలు పంచకముందే హాజరు పట్టీ ముందు పెట్టుకుని దీన్ని సరిచూసుకోవచ్చు.

కాబట్టి ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు ఒక్క నిర్ణయం జరగాలి. ఈ తరగతిలో వాతావరణం ఎలా ఉంది, పిల్లలు తమకు తోడున్నారనుకుంటున్నారా, సాయం అడగడానికి భయపడుతున్నారా అన్నది మీ ప్రశ్న అయితే, అసలైన అనామక ప్రశ్నావళి చాలు. అందులో ఎవరి పేరూ అడగొద్దు. "మధ్యాహ్న భోజనం దగ్గర నువ్వు ఒక్కడివే కూర్చున్న రోజులు పోయిన వారంలో ఉన్నాయా?" వంటి ప్రశ్నలు వేయండి. కాగితాలు మడిచి పెట్టెలో వేయించండి. అలా కాక, గుంపులు ఎలా ఏర్పడ్డాయన్నది మీ ప్రశ్న అయితే, సంకేత సంఖ్యల పద్ధతి కావాలి. అది అనామకం కాదు, గోప్యం. ఆ సంగతి పిల్లలకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

సంకేత సంఖ్యల పద్ధతి ఇలా నడుస్తుంది. ముందుగా తరగతి పిల్లల జాబితా తీసుకుని, ఒక్కొక్కరికి చీటీలు తీసి ఒక సంఖ్య ఇవ్వాలి. హాజరు పట్టీలోని రోల్ నంబర్ వాడకూడదు, అది అందరికీ తెలుసు. పేరు, సంఖ్య పక్కపక్కన ఉన్న పట్టిక ఒక్కటే ప్రతి ఉండాలి. అది జవాబు కాగితాలతో పాటు కాకుండా వేరే చోట తాళం వేసి ఉండాలి. పిల్లవాడికి ఇచ్చే కాగితం పైన అతని సంఖ్య ముందే వేసి ఉంటుంది. జవాబుల్లో అతను పేర్లే రాస్తాడు, ఎందుకంటే తోటివాళ్ల సంఖ్యలు పిల్లలకు తెలియకూడదు. ఆ సాయంత్రమే మీరు పేర్లన్నిటినీ సంఖ్యలుగా మార్చి పట్టికలో ఎక్కించి, అసలు కాగితాలను విడిగా భద్రం చేస్తారు. లెక్కలు పూర్తయి, నివేదిక ఆమోదం పొందాక పేర్ల పట్టికనూ, అసలు కాగితాలనూ చించి కాల్చేయాలి. తరగతిలో పిల్లలతో చెప్పాల్సిన మాట ఇది: "ఎవరు ఏం రాశారో నాకు తెలుస్తుంది. నేను మీ సార్‌కి గానీ, మీ అమ్మానాన్నలకు గానీ, మీ దోస్తులకు గానీ చెప్పను. ఒకరు రాసింది ఇంకొకరు అడగొద్దు. ఇష్టం లేకపోతే ఖాళీ కాగితం ఇవ్వొచ్చు, ఎవరూ ఏమీ అనరు."

ఆ చివరి వాక్యం నిజమయ్యేలా చూడటం కష్టం. ఖాళీ కాగితం ఇచ్చినవాడు అందరికంటే ముందే పెన్ను కింద పెట్టి దొరికిపోతాడు. అందుకే కాగితం రెండో వైపు ఒక చిన్న బొమ్మ గీసే పనో, పదాల ఆటో పెడితే, రాయనివాళ్లు కూడా చివరిదాకా ఏదో ఒకటి చేస్తూ ఉంటారు. ఎవరు రాయలేదో పక్క బెంచీకి తెలియదు.

ఇక అనుమతుల విషయం. ప్రధానోపాధ్యాయుల సంతకం ఉంటే చాలనుకుంటారు చాలామంది. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాలు పిల్లల మీద జరిగే పరిశోధనకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతాయి. దాంతోపాటు 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు నోటిమాటగా, 12 నుంచి 18 ఏళ్ల పిల్లలు రాతపూర్వకంగా తమ అంగీకారం చెప్పాలంటాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడు రెండో వర్గంలోకి వస్తాడు. మహబూబాబాద్ జిల్లాలో తండాల నుంచి, భూపాలపల్లి వైపు అడవి పల్లెల నుంచి వచ్చి ఆశ్రమ పాఠశాలల్లో ఉంటున్న పిల్లల విషయంలో, కాగితం ఇంటికి పంపితే తిరిగి రావడానికి వారాలు పడుతుంది. తల్లిదండ్రులు పిల్లలను చూడటానికి వచ్చే రోజున మీరూ అక్కడ ఉండి, వాళ్లకు అర్థమయ్యే భాషలో నోటితో చెప్పి, సాక్షి సమక్షంలో సంతకమో వేలిముద్రో తీసుకోవడం మంచిది. లంబాడా పిల్లల ఇళ్లలో మాట్లాడేది గోర్‌బోలి. కోయ గూడేల్లో పెద్దవాళ్లకు తెలుగు వచ్చినా, కార్యాలయ తెలుగు అంటే దూరమే. ఆ భాష తెలిసిన ఒక ఉపాధ్యాయురాలో, ఇంటర్ చదివిన అక్కో పక్కనుంటే సమ్మతి నిజమైన సమ్మతి అవుతుంది.

ఇప్పుడు ప్రశ్నల దగ్గరికి వద్దాం. "నీ బెస్ట్ ఫ్రెండ్ ఎవరు?" అన్నది బలహీనమైన ప్రశ్న. ఒకడు పక్క బెంచీవాడి పేరు రాస్తాడు, ఇంకొకడు తరగతిలో మొదటి ర్యాంకు వచ్చేవాడి పేరు రాస్తాడు, మరొకడు ఐదో తరగతిలో విడిపోయిన స్నేహితుణ్ని తలుచుకుంటాడు. మొరీనో పట్టుబట్టిందల్లా ఒక్కటే. ప్రశ్న ఒక నిజమైన పనికి ముడిపడాలి, జవాబుకు ఫలితం ఉండాలి. "వచ్చే నెల సైన్స్ ప్రాజెక్టుకు గుంపులు వేస్తాం. నువ్వు ఎవరితో కలిసి చేయాలనుకుంటున్నావు? ముగ్గురి పేర్లు రాయి" అని అడగాలి. ఆ తర్వాత ఆ గుంపులు నిజంగా వేయాలి. అలాగే "మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఎవరి పక్కన కూర్చోవాలనుకుంటావు?" అని మరో ప్రశ్న. చదువు దగ్గర ఎంచుకున్నవాళ్లు, తిండి దగ్గర ఎంచుకున్నవాళ్లు వేరు వేరు కావచ్చు. అందుకే ఈ రెండిటినీ కలిపి ఒకే పటం గీయకుండా, రెండు పటాలు గీయాలి.

ఏ రోజు అడుగుతామన్నది కూడా ఫలితాన్ని మారుస్తుంది. బడులు జూన్‌లో తెరుస్తారు. కొత్తగా చేరినవాళ్లకు తోటివాళ్ల పేర్లు తెలియడానికే కొన్ని వారాలు పడుతుంది. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల రోజుల్లో మహబూబాబాద్ పల్లెల్లో బడికి రాని పిల్లలు ఉంటారు. మేడారం జాతర వచ్చిన ఏడు, ఆ వారం భూపాలపల్లి, ములుగు వైపు బడుల్లో హాజరు ఎలా ఉంటుందో అక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. 30 మందిలో ఆరుగురు రాకపోతే, ఆ ఆరుగురూ ఇతరుల కాగితాల్లో కనిపిస్తారు గానీ వాళ్ల బాణాలు ఉండవు. వాళ్లకు పరస్పర స్నేహాలు లేనట్టు పటం చూపిస్తుంది. అది అబద్ధం. వాళ్లు వచ్చిన రోజు విడిగా కూర్చోబెట్టి రాయించాలి. అది కుదరకపోతే పటంలో ఆ చుక్కలను వేరే గుర్తుతో గీసి, కారణం రాయాలి.

జవాబులు వచ్చాయనుకుందాం. ఇక్కడ ఒక ఊహా తరగతిని తీసుకుని లెక్క చేసి చూపిస్తాను. తరగతిలో 30 మంది, ఒక్కొక్కరూ ముగ్గురిని ఎంచుకున్నారు. మొత్తం 90 బాణాలు. సగటున ఒక్కొక్కరికీ మూడు బాణాలు వస్తాయి. లెక్కలో ఒక పిల్లవాడికి ఒక్క బాణమూ రాలేదు. పుస్తకాలు ఈ పిల్లవాణ్ని ఏకాకి అంటాయి. ప్రాజెక్టు నివేదికలో ఆ మాట రాసేస్తారు.

ఆగి ఒక పని చేయండి. ఇదే తరగతిలో పిల్లలు ఎవరినీ ఇష్టపడి కాక, కళ్లు మూసుకుని చీటీలు తీసి ముగ్గురేసి పేర్లు రాశారనుకోండి. అప్పుడు కూడా ఎవరో ఒకరి పేరు ఏ చీటీలోనూ రాకపోవచ్చు. ఒక పిల్లవాణ్ని తోటి 29 మందిలో ఎవరూ ఎంచుకోకపోయే అవకాశం నూటికి దాదాపు 4. 30 మందికి లెక్కిస్తే, ఏ ఇష్టమూ అయిష్టమూ లేని తరగతిలో కూడా సగటున ఒకరికి సున్నా వస్తుంది. అంటే 30 మంది తరగతిలో ఒక్కరికి సున్నా రావడం దానంతటదే ఏమీ చెప్పదు. నలుగురికో ఐదుగురికో వస్తే ఏదో జరుగుతోందని అర్థం. ఒక్కరే అయితే, రెండు వారాల తర్వాత మళ్లీ అడిగినప్పుడూ, అన్నం దగ్గర ప్రశ్నలోనూ ఆ ఒక్కరికే సున్నా వస్తే అప్పుడు ఆలోచించాలి. ఇలాగే పరస్పర ఎంపికల సంగతీ. చీటీల లెక్కలో కూడా నాలుగైదు జంటలు వాటంతటవే ఏర్పడతాయి. మీ తరగతిలో 15 జంటలు కనిపిస్తే అవి స్నేహాలని ధైర్యంగా చెప్పవచ్చు. ఐదే కనిపిస్తే, ప్రశ్న సరిగా అర్థమైందా, పిల్లలు నిజంగా రాశారా అని అనుమానించాలి.

ఈ మూడు జిల్లాల బడుల్లో ఎక్కువగా కనిపించే ఒక పరిస్థితిని ఇదే లెక్కతో చూద్దాం. ఉన్నత పాఠశాల పక్కన సంక్షేమ వసతి గృహం ఉంది. ఆ 30 మందిలో 12 మంది హాస్టల్ పిల్లలు, 18 మంది ఊరి పిల్లలు. హాస్టల్ పిల్లలు 12 మంది కలిసి 36 బాణాలు వేస్తారు. చీటీల లెక్క ప్రకారం అందులో 14 దాకా హాస్టల్ లోపలే పడాలి. ఊరి పిల్లలు 54 బాణాలు వేస్తారు, అందులో 32 దాకా ఊరి పిల్లల్లోనే పడాలి. ఇప్పుడు మన ఊహా తరగతిలో హాస్టల్ పిల్లల 36లో 30 లోపలే పడ్డాయనుకుందాం. ఊరి పిల్లల 54లో 34 లోపల పడ్డాయి. తొందరపడి చూస్తే రెండు గుంపులూ వేరువేరుగా ఉన్నాయనిపిస్తుంది. లెక్కతో పోల్చి చూస్తే విషయం వేరు. ఊరి పిల్లలు హాస్టల్ పిల్లలను దాదాపు చీటీల లెక్కలో ఎంత రావాలో అంతే కోరుకుంటున్నారు. హాస్టల్ పిల్లలే తమలో తాము బిగుసుకున్నారు.

దీనికి కారణం ఏమిటో పటం చెప్పదు. సాయంత్రం నాలుగున్నర తర్వాత కలిసి ఉండేది, కలిసి చదువుకునేది, జ్వరమొస్తే పక్కనుండేది హాస్టల్ దోస్తులే కాబట్టి సైన్స్ ప్రాజెక్టుకు వాళ్లనే ఎంచుకున్నారేమో. ప్రాజెక్టు పని బడి అయ్యాక చేయాల్సి ఉంటుందని అనుకున్నారేమో. ఊరి ఇళ్లకు పిలుపు రాదన్న అనుభవం ఉందేమో. ఈ మూడు కారణాల్లో ఏది నిజమో తెలియాలంటే పిల్లలతో మాట్లాడాలి. సింగరేణి కాలనీల పిల్లలు, చుట్టుపక్కల పల్లెల పిల్లలు కలిసి చదివే భూపాలపల్లి బడుల్లో కూడా ఇదే జాగ్రత్త అవసరం. పటం ఆకారం చూపిస్తుంది. ఆ ఆకారానికి కులమనో, తండా అనో, డబ్బనో మనమే పేరు పెట్టేసి నివేదిక రాస్తే, పిల్లల మీద మన ఊహ రుద్దినట్టే. కులం గడి ప్రశ్నావళిలో పెట్టకూడదు. 24 మంది, 30 మంది ఉన్న తరగతిలో అది పిల్లలను గుర్తుపట్టించే గడి అవుతుంది.

ఇప్పుడు రెండో సగం, దయ. తోటివాళ్లకు సాయపడే గుణాన్ని ఎలా కొలుస్తారు? అన్నిటికంటే తేలికైన దారి పిల్లలనే అడగడం. "నేను ఇతరులకు సాయం చేస్తాను" అన్న వాక్యం ఎదురుగా అవును, కొంచెం, కాదు అన్న మూడు గళ్లు పెడితే, తరగతి అంతా అవును దగ్గర గీత పెడుతుంది. మంచివాడినని అనిపించుకోవాలని ఎవరికుండదు? రాబర్ట్ గుడ్‌మన్ 1997లో రూపొందించిన ప్రశ్నావళిలో సాయపడే గుణానికి 5 వాక్యాలున్నాయి, ఒక్కోదానికి 2 మార్కులు, మొత్తం 10. ఇలాంటి కొలతల్లో తరగతంతా పైమార్కుల దగ్గరే గుమిగూడితే, పిల్లలకూ పిల్లలకూ మధ్య తేడా కనిపించదు.

దీనికంటే పాతదీ, ఈ పనికి తగినదీ మరో పద్ధతి ఉంది. 1920లలో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల శీలం మీద పెద్ద అధ్యయనం చేస్తూ వాడారు. బి.ఎడ్. పుస్తకాల్లో అది 'గెస్ హూ' పరీక్షగా ఉంటుంది. ఒక చిన్న వర్ణన ఇచ్చి, అది మీ తరగతిలో ఎవరికి సరిపోతుందో పేరు రాయమంటారు. మన బడులకు తగినట్టు నాలుగు వర్ణనలు చాలు. బడికి రాని రోజు నోట్సు అడిగితే ఇచ్చేది ఎవరు? పెన్ను అయిపోతే అడగకముందే ఇచ్చేది ఎవరు? ఎవరైనా వెక్కిరిస్తుంటే ఆపేది ఎవరు? కొత్తగా చేరినవాళ్లను ఆటలో కలుపుకునేది ఎవరు? ఇవన్నీ కంటికి కనిపించే పనులు. "మంచి మనసున్నవారు ఎవరు?" అని అడిగితే మాత్రం క్లాస్ లీడర్ పేరే వస్తుంది.

ఈ నాలుగు జవాబుల్లో ప్రతి పిల్లవాడి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి, దాన్ని స్నేహాల పటం పక్కన పెట్టి చూడాలి. ఈ ప్రాజెక్టు మొత్తంలో నేర్చుకోవడానికి ఎక్కువ ఉండేది ఇక్కడే. మన ఊహా తరగతిలో 17వ సంఖ్య అమ్మాయికి స్నేహ బాణం ఒక్కటే వచ్చింది. కానీ దయ లెక్కలో తొమ్మిది మంది ఆమె పేరు రాశారు, ఆ తొమ్మిదీ నోట్సు ప్రశ్నకే. అంటే తరగతి ఆమె నోట్సు తీసుకుంటోంది, ఆమెను మాత్రం పక్కన కూర్చోబెట్టుకోవడం లేదు. 5వ సంఖ్య అబ్బాయికి తొమ్మిది స్నేహ బాణాలొచ్చాయి, వెక్కిరింపు ఆపే ప్రశ్నలో మాత్రం ఒక్కసారి కూడా పేరు లేదు. తరగతిలో పలుకుబడి ఉన్న పిల్లవాడు ఆ పలుకుబడిని బలహీనుడి కోసం వాడటం లేదు. ఈ రెండు లెక్కలనూ కలిపేసి "సామాజిక నైపుణ్యం" అని ఒకే మార్కు ఇస్తే, ఈ రెండు సంగతులూ మాయమైపోతాయి.

దయకూ స్నేహానికీ సంబంధం ఎటునుంచి ఎటు నడుస్తుందన్న ప్రశ్నకు కెనడాలోని వాంకూవర్ బడుల్లో చేసిన ఒక ప్రయోగం కొంత వెలుగునిస్తుంది. 2012లో ప్రచురితమైన ఆ అధ్యయనంలో 9 నుంచి 11 ఏళ్ల పిల్లలను 4 వారాల పాటు రెండు గుంపులుగా చూశారు. ఒక గుంపు వారానికి మూడు దయగల పనులు చేయాలి. రెండో గుంపు వారానికి మూడు చోట్లకు వెళ్లి వచ్చి ఆ సంగతి రాయాలి. చివరికి రెండు గుంపుల పిల్లలూ మునుపటికంటే సంతోషంగా ఉన్నట్టు చెప్పారు. అయితే తోటివాళ్లు కలిసి పని చేయడానికి ఎంచుకోవడం మాత్రం దయగల పనులు చేసిన గుంపులో ఎక్కువగా పెరిగింది. ఆ పెరుగుదలను కొలిచింది ఇప్పుడు మనం చెప్పుకున్న ఎంపికల పద్ధతితోనే. మన 17వ సంఖ్య అమ్మాయి మాత్రం ఈ ఫలితాన్ని గుడ్డిగా నమ్మొద్దని చెబుతుంది. సాయం ఎటువంటిదో, అది తరగతి కళ్లలో పడుతుందో లేదో కూడా లెక్కలోకి వస్తుంది.

ఒక ప్రశ్న అడగాలా వద్దా అన్నది ఎప్పుడూ తలెత్తుతుంది. "నీకు ఎవరితో కూర్చోవడం ఇష్టం లేదు?" అని. 1982లో కోయీ, డాడ్జ్, కొపోటెల్లి అనే పరిశోధకులు ఇష్టం, అయిష్టం రెండు లెక్కలూ కలిపి పిల్లలను వర్గాలుగా చూపారు. ఎవరూ గుర్తించని పిల్లవాడు వేరు, చాలామంది వద్దనుకునే పిల్లవాడు వేరు అని ఆ పద్ధతి విడదీసి చూపించింది. అయిష్టం అడగకపోతే ఆ తేడా మనకు తెలియదన్నది నిజం. అయినా ఒక విద్యార్థి ప్రాజెక్టులో ఆ ప్రశ్న వద్దనే నా అభిప్రాయం. గంట కొట్టగానే మైదానంలో "నువ్వు ఎవరి పేరు రాసినవ్?" అన్న ప్రశ్న మొదలవుతుంది. ఒక్కరు నోరు జారితే, ఒక పిల్లవాడు ఏడాదంతా దాన్ని మోయాలి. దానికి బదులు తరగతి జాబితా మొత్తం ఇచ్చి, ఒక్కొక్కరితో కలిసి పని చేయడం ఎంత ఇష్టమో 1 నుంచి 5 వరకు అంకె వేయమనవచ్చు. ఎవరినీ వేలెత్తి చూపనక్కర్లేకుండా తక్కువ అంకెలు దొరుకుతాయి. ఎక్కువ సమయం పడుతుంది గనక పెద్ద తరగతుల్లో జాబితాను రెండు రోజులకు పంచుకోవాలి.

చివరిగా, ఫలితాలు ఎవరికి, ఎంతవరకు. సోషియోగ్రామ్ బోర్డు మీద గీసి చూపించకూడదు, సంఖ్యలతో కూడా. 5వ సంఖ్యకు తొమ్మిది బాణాలని గీస్తే, అది ఎవరో తరగతిలో అందరికీ తెలుసు. నివేదికలో తరగతి పేరు, ఊరి పేరు లేకుండా జిల్లా పేరు చాలు. తరగతి ఉపాధ్యాయుడు "ఎవరికి సున్నా వచ్చింది, చెప్పండి, నేను చూసుకుంటాను" అని మంచి ఉద్దేశంతోనే అడుగుతారు. పిల్లలకు చెప్పనని మాట ఇచ్చారు గనక చెప్పకూడదు. ఉపాధ్యాయుడికి ఆ సమాచారం పనికొస్తుందనుకుంటే, ఆ సంగతి మొదటి రోజే పిల్లలతో, తల్లిదండ్రులతో చెప్పి సమ్మతి తీసుకోవాలి. అలా తీసుకున్నప్పుడు ఏం చేయాలో హెలెన్ జెన్నింగ్స్ ఎప్పుడో చెప్పింది. గుంపులు వేసేటప్పుడు ఎవరూ ఎంచుకోని పిల్లవాణ్ని, అతను మొదటగా రాసిన పేరున్న పిల్లవాడి గుంపులో వేయాలి. ఆ తర్వాత పరస్పరం ఎంచుకున్నవాళ్లను చూడాలి. అతను ఏకాకి అని ఎవరికీ చెప్పనవసరం లేదు. అతనికి దక్కాల్సిన మొదటి ఎంపిక దక్కుతుంది, అంతే.

ప్రశ్నావళిలో ఒక పిల్లవాడు తనను కొడుతున్నారనో, వేధిస్తున్నారనో రాస్తే, అది స్నేహాల లెక్క కాదు. అనామక కాగితమైతే అది ఎవరిదో మీకు తెలియదు, సాయం చేయలేరు. అందుకే ఏ పద్ధతి ఎంచుకున్నా, కాగితాలు పంచేముందే పిల్లల సహాయ నంబరు 1098ని బోర్డు మీద రాసి, అది దేనికో చెప్పాలి. సంకేత సంఖ్యల కాగితమైతే, పిల్లలకు హాని జరుగుతోందని తెలిస్తే మాత్రం మీరు మాట్లాడి తీరాలి. "ఎవరైనా నిన్ను హింసిస్తున్నారని రాస్తే, నీకు సాయం చేయగల పెద్దవాళ్లకు చెబుతాను" అన్న వాక్యం కూడా గోప్యత మాటతో పాటే ముందు చెప్పాలి.

ఈ ఏడాది ప్రాజెక్టు చేయబోతున్న విద్యార్థులకు ఒక్క సూచన. మీ ప్రశ్నావళి మొదటి పేజీ రాసుకుని, మీ మార్గదర్శకుల దగ్గరికి వెళ్లేముందు దాన్ని మీ ఇంట్లోనో వీధిలోనో ఉన్న ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడికి చదివి వినిపించండి. "నేను రాసింది ఎవరెవరికి తెలుస్తుంది?" అని వాణ్ని అడగండి. వాడు చెప్పిన జవాబు, మీరు నిజంగా చేయబోయే పని ఒకటే అయితే ఆ పేజీ సిద్ధమైనట్టు. తేడా ఉంటే, బడికి వెళ్లేముందు ఆ పేజీని తిరగరాయండి.